టీచర్‌గారూ, నేను 40.14 కుర్రాణ్ణి

టీచర్‌గారూ, నమస్తే అండీ. నా పేరు మీకు గుర్తుండకపోవచ్చు. 34 ఏళ్లలో ఎంతమందిమి వచ్చి వెళ్లాం, ఎవరని గుర్తుపెట్టుకుంటారు. కానీ 40.14 అంటే గుర్తొస్తానేమో.

రిటైరవుతూ మీరు రాసిందంతా రెండుసార్లు చదివాను. అందరిలాగే నేను కూడా "మీ రిటైర్మెంట్ జీవితం ఆరోగ్యంగా, ఆనందంగా సాగాలి" అని ఒక ముక్క రాసేసి పోదామనుకున్నాను, రాశాను కూడా, మళ్లీ చెరిపేశాను (చెరిపే అలవాటు నాకు ఎప్పటినుంచో ఉందని మీకు తెలుసు, అక్కడికే వస్తున్నాను). మీరు మధ్యలో ఒక మాట అన్నారు చూడండి, సిలబస్ అయితే ఏటా పూర్తి చేశాను గానీ పిల్లల దగ్గర అందులో ఏం మిగిలిందో నాకు తెలీదు అని. అది చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. నా దగ్గర ఏం మిగిలిందో చెప్తాను. కొంచెం పెద్దదవుతుంది, ఇక ఖాళీయే కదా, ఓపిగ్గా చదవండి.

లఘులోలకం ప్రయోగం టీచర్. దారానికి బాబ్ కట్టి ఊపడం, 20 డోలనాలకు ఎంత సమయం పట్టిందో చూడటం, దాన్నుంచి భూమి ఎంత లాగుతోందో చెప్పే g విలువ కట్టడం. ల్యాబ్‌లో అన్నిటికంటే సులువైన ప్రయోగం అని పేరు. నాకు మాత్రం మీటరు పొడవుకి 38 సెకన్లు వచ్చింది. లెక్క కడితే g 10.9. ఇంకోసారి చేశాను, మళ్లీ 38. పొడవు తగ్గించి 80 సెంటీమీటర్లు పెడితే 34, అక్కడా 10.9. 60 పెడితే 29.5, మళ్లీ అదే కథ. పక్క బల్ల మీద వాళ్లు 9.7 వచ్చింది, 9.8 వచ్చింది అని సర్దుకుని కూర్చుంటున్నారు, నా భూమి ఒక్కటే ఎక్కువ లాగుతోంది. టెన్షన్‌తో చెమటలు పట్టేశాయి.

అప్పుడు నేను చేసిన పని మీకు తెలిసిందే. రావాల్సింది 9.8 అని తెలుసు కాబట్టి సూత్రాన్ని వెనక నుంచి కట్టుకుంటూ వచ్చి, 20 డోలనాలకు ఎంత సమయం పట్టి ఉండాలో లెక్క తేల్చి, పెన్సిల్‌తో రాసుకున్న 38ని రబ్బరుతో తుడిచి దాని మీద 40.14 అని వేశాను. మిగతా రెండు పొడవులకీ అంతే. మూడు వరుసల్లోనూ g సరిగ్గా 9.80. చూడముచ్చటగా ఉంది పట్టిక. మీ దగ్గరికి తెచ్చేటప్పుడు కొంచెం గర్వం కూడా ఉందంటే నమ్మండి.

మీరు పేజీ చూశారు. ఏమీ అనలేదు. లేచి నా బల్ల దగ్గరికి వచ్చి స్టాప్‌క్లాక్ తీసి నా అరచేతిలో పెట్టి, మెల్లిగా, పక్కవాళ్లకి వినపడనంత మెల్లిగా అడిగారు.

"ఏరా, ఇందులో 40.14 ఎక్కడ కనపడిందిరా నీకు?"

ఆ గడియారంలో గీతలు అర సెకనుకి ఒకటి. 40 చూడొచ్చు, 40.5 చూడొచ్చు. 40.14 అనేది ఆ ముల్లు జన్మలో చూపించలేదు. ఆ ముక్క నాకు తట్టనే లేదు చూడండి, దొంగతనం చేసేవాడికి ఉండాల్సిన కనీస తెలివి కూడా లేదు. నేను నోరు తెరవలేదు. మీరు ఆ కాగితాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నారు, ఏటవాలుగా. గట్టిగా ఒత్తి రాసే చెయ్యి నాది, రబ్బరు పెన్సిల్ గీతని తుడిచింది గానీ గాడిని తుడవలేదు. "38... 34... 29.5" అని మీరు ఒక్కొక్కటే చదువుతుంటే నాకు కాళ్లు చల్లబడ్డాయి.

ఇక్కడ మీరు ఏం చేస్తారని నేను అనుకున్నానో చెప్పాలి. అంతకుముందు సంవత్సరం ఇలాగే ఒక లెక్క చూసి రాశానని ఇంకొకాయన నా పుస్తకాన్ని క్లాసంతా తిప్పి చూపించారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు చెవిలో ఉండిపోయింది. కాబట్టి ఇప్పుడూ మీరు "అందరూ ఒకసారి ఇటు చూడండి" అంటారనే నిల్చున్నాను.

మీరు అన్నది వేరు. "ఇవి బాగున్నాయి కదరా, ఎందుకు చెరిపావు?"

బాగుండటమేంటి టీచర్ అన్నాను, దాదాపు ఏడుపు గొంతుతో, 10.9 వస్తోంది కదా అని. మీరు స్టూలు లాక్కుని కూర్చున్నారు. "మూడు పొడవులకీ 10.9 వచ్చిందా? ఒకసారి 9, ఒకసారి 11 రాలేదుగా? అంటే నీ చెయ్యి సరిగ్గానే పనిచేస్తోంది. ఎక్కడో ఒకే ఒక్క తప్పు, ప్రతిసారీ అదే చేస్తున్నావు. వాడు ఇల్లు మారట్లేదు, పట్టుకోవడం తేలిక. నువ్వు వాణ్ణి పట్టుకోకుండా అడ్రస్ చెరిపేశావు."

తరవాత బాబ్‌ని పక్కకి లాగి వదలమన్నారు, లెక్క పైకే పెట్టమన్నారు. నేను వదిలాను, క్లాక్ నొక్కాను, "ఒకటి" అన్నాను.

మీరు చేత్తో బాబ్‌ని ఆపేశారు.

"ఇంకా ఊగందే ఒకటెలా అయింది?"

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. వదిలిన క్షణాన్నే ఒకటి అనుకుంటున్నాను నేను. అది తిరిగి వచ్చేసరికి రెండంటున్నాను. అంటే 20 అని క్లాక్ ఆపేసరికి నిజంగా అయినవి 19. అంతే. 19 ఊగుల సమయాన్ని 20తో భాగిస్తే డోలన కాలం తగ్గుతుంది, అది g సూత్రంలో కింద వర్గంలో ఉంటుంది కాబట్టి g పెరుగుతుంది. 20ని 19తో భాగించి వర్గం చేసి 9.8తో హెచ్చించమన్నారు మీరు. 10.86 వచ్చింది. అది చూసినప్పటి నా మొహం ఎలా ఉందో నాకు తెలీదు, మీరు మాత్రం నవ్వారు. నా భూమి ఎందుకు ఎక్కువ లాగుతోందో తేలిపోయింది. ఆ అంకె దానంతట అది అక్కడికొచ్చి కూర్చుంటే కలిగిన సంతోషం, నిజం చెప్తున్నాను, ఆ తర్వాత ఏ పరీక్ష పాసైనా కలగలేదు.

"సున్నా అని వదులు" అన్నారు. సున్నా అని వదిలాను. 40 సెకన్లు, 36, 31. g విలువలు 9.87, 9.75, 9.86. ఒక్కటీ సరిగ్గా 9.80 కాదు. రబ్బరు అందుకోబోతే అది మీరు తీసి మీ జేబులో వేసుకున్నారు. పాత పట్టిక మీద ఒకే ఒక్క అడ్డగీత కొట్టించారు, కింద అంకెలు కనపడాలి, పెన్నుతో కొట్టు, పక్కన ఎందుకు తప్పో ఒక వాక్యం రాయి అన్నారు. రాశాను, "మొదటి ఊగుకి ముందే ఒకటి లెక్కపెట్టాను" అని. ఆ రబ్బరు మళ్లీ ఇవ్వలేదు టీచర్ మీరు, కొత్తది అది.

ఇదంతా జరుగుతున్నంతసేపూ పక్క బల్లవాళ్లకి నేనేదో సందేహం అడుగుతున్నానని మాత్రమే తెలుసు. నేనూ ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఇవాళే.

ఇప్పుడు నేను రక్త పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. పొద్దున్నే రోగుల శాంపిళ్లు పెట్టేముందు కంట్రోల్స్ అని నడుపుతాం, వాటి విలువ ముందే తెలుసు, మిషన్ ఆ పరిధిలో చూపిస్తేనే రిపోర్టులు బయటికి పంపాలి. రెండేళ్ల కిందట ఒకరోజు ఒక పరీక్షలో కంట్రోల్స్ తక్కువ చూపించాయి. మళ్లీ నడిపాం, మళ్లీ తక్కువ. బయట జనం, లోపల ఫోన్లు. ఒకతను, చెడ్డవాడేం కాదు, పని ఒత్తిడి, "తేడా ఎంతో తెలుసు కదా, రిపోర్టుల్లో అంత కలిపేసి పంపేద్దాం" అన్నాడు. నాకు ఒక్కసారిగా కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకున్న కాగితం కనపడింది. అబద్ధం కాదు, అచ్చం అదే కనపడింది. ఎక్కువ స్థాయి కంట్రోల్, తక్కువ స్థాయి కంట్రోల్, రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గాయి. ఇల్లు మారనివాడు. వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే, ఆ పొద్దున కాలిబ్రేటర్ పొడిని కలిపినప్పుడు నీళ్లు కొలత కంటే తక్కువ పోశారు. అది చిక్కగా ఉంటే మిషన్ దాన్నే ప్రమాణం అనుకుని మిగతావన్నీ పలచగా చూస్తుంది. కొత్తది కలిపి మళ్లీ మొదలుపెట్టాం. గంటన్నర ఆలస్యమైంది, తిట్లు తిన్నాం. తక్కువ నీళ్లు పోసింది నేనే. రిజిస్టర్‌లో రాశాను, పెన్నుతో.

మీరు చెప్పిన పాఠాలన్నీ గుర్తున్నాయని అబద్ధం ఆడను. కటకాల సూత్రాల్లో గుర్తులు ఎటు ప్లస్సో ఎటు మైనస్సో ఇప్పుడడిగితే చెప్పలేను. ఎలక్ట్రిసిటీ అప్పుడూ అంతంత మాత్రమే. మీ క్లాసులో నిద్రపోయిన రోజులు కూడా ఉన్నాయి, మధ్యాహ్నం పీరియడ్ మీద నెట్టేస్తాను. కానీ ఏం మిగిలిందో తెలీదు అన్నారు కదా, మిగిలింది ఇదీ.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే సిగ్గు. థాంక్స్ చెప్పాలంటే ముందు చేసిన దొంగపని చెప్పాలి, ఆ ఒక్కటీ నోటికి రాలేదు. ఒకసారి మీరు రోడ్డు అవతల నడుస్తూ కనపడ్డారు, నేను ఇవతల నిలబడి, పిలుద్దామా వద్దా అనుకునేలోపు మలుపు తిరిగిపోయారు. ఆ రోజు పిలవాల్సింది.

ఇంకొక్కటి టీచర్. ఆ రోజు నేను కొత్త పట్టిక పూర్తిచేసేసరికి బెల్ అయిపోయింది, ల్యాబ్ తాళాలాయన తలుపు దగ్గర నిలబడి తాళాలు చప్పుడు చేస్తున్నారు, రేపు సంతకం పెడతాలే అన్నారు మీరు. ఆ రేపు రాలేదు. నేను మళ్లీ తేలేదు, మీరూ మర్చిపోయారు, చివర్లో రికార్డు ముందు పేజీ మీద సంతకం పడింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆ రికార్డు అట్ట ఊడిపోయింది, సగం పేజీలు ఎటో పోయాయి, అడ్డగీత కొట్టిన పేజీ మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది. కింద తేదీ ఉంది, పక్కన మీ సంతకం చోటు ఖాళీగా ఉంది.

వచ్చే ఆదివారం మీకు వీలైతే పట్టుకొస్తాను. ఎర్ర పెన్ను ఇంకా దగ్గర ఉంది కదా?