రీ: మేడమ్, నా ప్రాజెక్ట్ రిపోర్టులో ఏఐ 74% వచ్చింది

శ్రావణీ,

నీ మెయిల్ పొద్దున్నే చూశాను. రాత్రి 1:40కి పంపావు, అంటే నిద్రపోలేదన్నమాట. ముందు నీకు కావలసిన జవాబు చెప్పేస్తాను. ఏఐ 74% వచ్చిందన్న ఒక్క కారణంతో నీ మార్కులు తగ్గవు, వైవా ఆగదు, నిన్ను ఎవరూ డిబార్ చేయరు. హెచ్‌ఓడీ గారితో ఇప్పుడే మాట్లాడి ఈ మాట రాస్తున్నాను. మిగతాది టిఫిన్ తిన్నాక తీరిగ్గా చదువు.

"60 దాటితే రిజిస్ట్రేషన్ క్యాన్సిల్ అని హాస్టల్లో సీనియర్ అక్క చెప్పింది" అని రాశావు. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు కానీ, రెండు వేర్వేరు లెక్కల్ని ఒకటి చేసేసింది. యూజీసీ 2018లో ప్లేజియరిజం మీద నిబంధనలు తెచ్చింది. థీసిస్‌లో పోలిక 10% వరకు ఉంటే ఏ శిక్షా లేదు. 10 నుంచి 40 లోపయితే సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 లోపయితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మీ అక్క చెప్పిన 60 ఇదే. అయితే ఇది సిమిలారిటీ లెక్క, అంటే వేరేచోట అచ్చయిన వాక్యాలతో నీ వాక్యాలు ఎంత కలిశాయన్నది. నీ రిపోర్టులో సిమిలారిటీ ఎంతో చూశావా? 8%. స్క్రీన్‌షాట్‌లో ఆ అంకె 74 పక్కనే ఉంది. కంగారులో నీకు 74 ఒక్కటే కనిపించినట్టుంది.

ఈ రెండు అంకెలకూ ఉన్న తేడా పెద్దది. సిమిలారిటీలో సాఫ్ట్‌వేర్ నాకు ఒక వస్తువు చూపిస్తుంది: ఇదిగో నీ పేరా, ఇదిగో అది ఉన్న అసలు వ్యాసం, రెండూ పక్కపక్కన పెట్టి చదువుకో అంటుంది. నేను చదివి, ఇది కాపీయా, అందరూ వాడే మామూలు వాక్యమా అని తేల్చుకోగలను. ఏఐ స్కోరులో అలా చూపించడానికి ఏమీ లేదు. అసలు పేజీ ఎక్కడా లేదు. "ఈ వాక్యాలు మెషిన్ రాసినట్టు అనిపిస్తున్నాయి" అన్న అంచనా ఒక్కటే ఉంటుంది. 74 అంటే నువ్వు తప్పు చేశావనడానికి 74 శాతం అవకాశం ఉందని కూడా కాదు. రిపోర్టులో అంత భాగం దానికి అలా అనిపించిందని, అంతే. ఇలాంటి స్కోరు ఇచ్చే టర్నిటిన్ సంస్థే, ఒక్క దీని ఆధారంగా విద్యార్థి మీద చర్య తీసుకోవద్దని టీచర్లకు చెబుతుంది. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ 2023 జనవరిలో సొంత డిటెక్టర్ ఒకటి వదిలి, కచ్చితత్వం తక్కువగా ఉందని జులైలోనే ఆపేసింది. తయారుచేసిన వాళ్లకే కుదరలేదు, మనమెంత!

మరి నీ రిపోర్టుకే అంత ఎందుకు వచ్చిందని అడిగావు. "అందని ద్రాక్ష..." అని నేను ఆపేస్తే నువ్వేమంటావు? "పుల్లన" అంటావు. క్లాసులో అరవై మందిని అడిగినా అదే అంటారు. డిటెక్టర్లు చూసే ముఖ్యమైన సంగతి దాదాపు ఇదే: తర్వాత రాబోయే పదాన్ని ఎంత తేలిగ్గా ఊహించవచ్చు? ఊహకు అందే పదాలే వరసగా వస్తుంటే మెషిన్ రాసిందని అనుమానిస్తాయి. ఇప్పుడు నీ నాలుగో చాప్టర్ తెరువు. ప్రతి టేబుల్ కిందా "ఇట్ ఈజ్ అబ్జర్వ్‌డ్ ఫ్రమ్ ది ఎబౌ టేబుల్ దట్" అనే మొదలుపెట్టావు. లెక్కపెట్టాను, ఇరవై రెండు సార్లు. అది నీ తప్పు కాదు. మా బ్యాచ్‌లో మేమూ అలాగే రాశాం, మా గైడ్లూ అలాగే రాసుంటారు. మన యూనివర్సిటీల్లో ప్రాజెక్ట్ రిపోర్టు అనే సరుకు పుట్టినప్పటి నుంచీ ఆ వాక్యం బతికే ఉంది. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు తప్పు పోకుండా ఉండాలని తెలిసిన పదాలు, తెలిసిన వాక్యాలే వాడతారు. మెషిన్ కూడా సాధారణంగా అలాంటి పదాలే ఎంచుకుంటుంది.

ఇది నిన్ను ఊరడించడానికి చెబుతున్న మాట కాదు. 2023లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చి చూశారు. మనుషులు రాసిన ఆ వ్యాసాల్లో సగటున 61 శాతానికి పైగా ఏఐవేనని అవి తేల్చాయి. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాలను మాత్రం దాదాపు అన్నీ సరిగ్గానే గుర్తించాయి. ఇంకో వింత చెప్పనా? ఆ టోఫెల్ వ్యాసాల్లోని పదాలను చాట్‌జీపీటీ చేత కాస్త గొప్పగా మార్పించి మళ్లీ ఇస్తే, ఏఐ రాసిందన్న ముద్ర బాగా తగ్గిపోయింది! నేను ఒకసారి సరదాకి, 2011లో సబ్మిట్ చేసిన నా సొంత పీహెచ్‌డీ చాప్టర్‌ని ఒక ఫ్రీ డిటెక్టర్‌లో పెట్టాను. 38% ఏఐ అంది. ఆ రోజుల్లో నా దగ్గర ఉన్నది ఒక పాత డెస్క్‌టాప్, కరెంటు కోత. ఆ 38 శాతం ఎవరు రాసిపెట్టారో ఇప్పటికీ తెలియలేదు.

ఇంకో సంగతి. ఈ ఏడాది మన డిపార్ట్‌మెంట్‌కి 120 రిపోర్టులు వచ్చాయి. సాఫ్ట్‌వేర్ వందకు ఒక్కసారే పొరబడుతుందని అనుకున్నా, అందరూ సొంతంగా రాసినా సరే, ఒకరిద్దరు అన్యాయంగా ఇరుక్కుంటారు. ఆ ఒకరిద్దరు ఎవరో అంకె చెప్పదు. అందుకే మా దృష్టిలో స్కోరు ఒక సైగ. "ఈ రిపోర్టు ఇంకోసారి చదవండి" అని చెబుతుంది, అక్కడితో దాని పని అయిపోయింది. ఎవరి మీదైనా నిజంగా ఫిర్యాదు పెట్టాల్సి వస్తే డిపార్ట్‌మెంట్ కమిటీ కూర్చోవాలి, ఆధారాలు చూడాలి, ఆ విద్యార్థి మాట వినాలి. నీ విషయంలో ఫిర్యాదే లేదు.

సరే, నేను ఇంకోసారి చదివాను. ఏం కనిపించిందో దాచకుండా చెబుతాను.

మూడు, నాలుగు చాప్టర్లు నీవేనని నాకు నమ్మకం. 48 మంది మిర్చి రైతుల్లో 31 మంది టిక్కీలను కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఆ బాండు మీద అప్పు తెచ్చుకున్నారని రాశావు. కౌలు రైతులు మాత్రం బ్యాంకు దాకా వెళ్లకుండా కమీషన్ ఏజెంటు దగ్గరే ఎందుకు ఆగిపోయారో విడిగా రాశావు. జనవరిలో నువ్వు యార్డు నుంచి నేరుగా డిపార్ట్‌మెంట్‌కి వచ్చి, తుమ్ముతూనే ఈ సంగతి చెప్పావు, గుర్తుందా? స్టాఫ్ రూమంతా ఆ ఘాటుకు దగ్గింది. ఆ పేరా ఏ మెషినూ గుంటూరు రాకుండా రాయలేదు. తేజ రకం రైతులు ఇంకొన్ని వారాలు ఎందుకు ఆగారన్న నీ ఫుట్‌నోట్ నాకు రిపోర్టు మొత్తంలో అన్నిటికంటే నచ్చింది. దాన్ని ఫుట్‌నోట్‌లో ఎందుకు దాచావో గానీ.

నన్ను ఆపింది స్కోరు కాదు, 19వ పేజీ. అక్కడ కోల్డ్ స్టోరేజీల మీద ఇచ్చిన రెండు రెఫరెన్సులు నాకు ఎక్కడా దొరకలేదు. జర్నల్ ఉంది, ఆ సంచికా ఉంది, ఆ పేజీల్లో వేరే వ్యాసం ఉంది. సీనియర్ల రిపోర్టు నుంచి ఎత్తి రాశావా, నోట్స్‌లో పొరపాటు పడిందా, ఏదైనా టూల్ ఇచ్చిందా, నాకు తెలియదు. ఏదైనా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్పు. వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగేది నీ స్కోరు గురించి కాదు, వీటి గురించే. లేని రెఫరెన్సు పెట్టడం స్కోరు సున్నా వచ్చినా తప్పే. ఇప్పుడు దొరికింది కాబట్టి తీసేయడానికి టైముంది. రెండో చాప్టర్‌లో మిగతా రెఫరెన్సులు కూడా ఒక్కొక్కటీ తెరిచి చూసుకుని రా.

గ్రామర్లీ వాడానని, రెండు మూడు చోట్ల తెలుగులో రాసుకుని గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో మార్చానని చెప్పావు. మంచి పని చేశావు, చెప్పినందుకు. స్పెల్లింగు, వ్యాకరణం దిద్దుకోవడానికి మన డిపార్ట్‌మెంట్‌లో అభ్యంతరం లేదు. ట్రాన్స్‌లేషన్ వాడిన పేరాలు ఏవో గుర్తుపట్టి, డిక్లరేషన్ పేజీలో రెండు వాక్యాలు చేర్చు. ఎలా రాయాలో గురువారం చెబుతాను. ఇవి కాక ఇంకేదైనా వాడి ఉంటే అదీ అప్పుడే చెప్పెయ్యి. ముందే చెబితే అది సవరణ అవుతుంది. తర్వాత మాకు తెలిస్తే కమిటీ దాకా వెళ్లేది అదే.

ఇక నీ మెయిల్ చివరి ప్రశ్న: "ఏదో హ్యూమనైజర్ యాప్ ఉందట, అందులో వేసి స్కోరు తగ్గించి మళ్లీ ఇవ్వనా?" వద్దు. అస్సలు వద్దు. నువ్వు సొంతంగా రాసినదాన్ని మెషిన్ చేత తిరగరాయించి, మనిషి రాసిందని నిరూపించుకుంటావా? అలాంటి యాప్‌లు "యీల్డ్" అన్నచోట "హార్వెస్ట్ రిటర్న్" అని పెడతాయి, "కమీషన్ ఏజెంట్"ని ఇంకేదో చేస్తాయి. వైవాలో నీ వాక్యం నీకే అర్థం కాదు. పోయిన ఏడాది ఒక రిపోర్టుకి ఏఐ 3% వచ్చింది. ఆ అబ్బాయిని సర్వే ఏ మండలంలో చేశావని అడిగితే చెప్పలేకపోయాడు. ఏడిపించింది ఆ 3 శాతం రిపోర్టే. గురువారం మనం కలిసేదాకా నువ్వు ఫైల్‌లో ఒక్క అక్షరం కూడా మార్చకు, ఇప్పుడున్నది ఉన్నట్టే ఉండనీ.

గురువారం 11 గంటలకు నా రూముకి రా. నింపిన సర్వే ఫారాలన్నీ కట్టగట్టి తీసుకురా, నలిగినా మరకలున్నా పర్వాలేదు. ఫీల్డ్ నోట్‌బుక్ తప్పకుండా కావాలి. ఎక్సెల్ షీటు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో. గూగుల్ డాక్స్‌లో రాశానన్నావు కదా, అందులో ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ ఉంటుంది. ఏ రోజు ఏ పేరా రాశావో, ఎక్కడ కొట్టేశావో అన్నీ తేదీలతో సహా కనిపిస్తాయి. నేను ఒక అరగంట నీ పేజీలు తిప్పుతూ ప్రశ్నలు అడుగుతాను. "31 మంది అన్నావు, మిగతా 17 మంది ఏం చేశారు?" లాంటివి. తెలుగులోనే చెప్పు. అది విచారణ కాదు, వైవాకి రిహార్సల్ అనుకో. అయ్యాక నేను చూసినవేమిటో ఒక పేజీ నోట్ రాసి, నీ సంతకం, నా సంతకం పెట్టి ఫైల్‌లో పెడతాను. రేపు ఎవరైనా ఆ 74 చూపించి అడిగితే ఆ పేజీ చూపించవచ్చు.

మీ నాన్నగారికి రాత్రి ఫోన్ చేసి ఏడ్చానని కూడా రాశావు. ఈ మెయిల్ చదవగానే ముందు ఆయనకు ఫోన్ చెయ్యి. కావాలంటే నా నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను.

గురువారం వచ్చేటప్పుడు ఫారాలు వరుస నంబర్లతో పెట్టుకుని రా. క్రితంసారి 27వ ఫారం వెతకడానికే పావుగంట పట్టింది.

సుజాత మేడమ్
ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్