నాయిన టైంటేబుల్ (ఫ్రిజ్ మీద అంటించేది)

నాయినా, చెల్లె కాన్పు అయ్యి అమ్మ మళ్ల నల్లగొండకు వచ్చేదాకా ఇట్ల నడుపు. డాక్టర్ చీటి ముందర పెట్టుకునే రాసిన.

పొద్దున 5:30: లేవంగనే థైరాయిడ్ గోళి, ఉత్త నీళ్లతోని. గంట దాకా చాయ్ ముట్టద్దు, ముట్టితే గోళి ఒంటికి సరిగ పట్టది. కాల్షియం గోళి దీంతోని కలపద్దు, అది మధ్యాహ్నం అన్నం తిన్నంక.

6:00: నడక, అరగంట. ఎన్.జి. కాలేజీ గ్రౌండుకే పో, హైదరాబాద్ రోడ్డు మీదికి వద్దు. పక్కనోళ్లతోని మాట్లాడుకుంట నడిచేటంత వేగం చాలు. ఆయాసమొచ్చి మాట ఆగితే కూసో. ఛాతిల నొప్పి లేస్తే ఇంటిదాకా నడవద్దు, ఆడికెల్లే 108కి కొట్టు. జేబుల ఫోను, గ్లూకోజ్ పొట్లం ఉండాలె. కాళ్లకు బూట్లే. వచ్చి కాళ్లు కడుక్కున్నంక అరికాళ్లు చూసుకో, షుగరున్నోళ్లకు పుండు పడ్డా నొప్పి తెల్వది.

8:00: టిఫిన్ ప్లేట్ల పెట్టుకున్నంకనే గ్లిమెపిరైడ్ వేసుకో. వంటామె ఆలస్యమైతే గోళి కూడ ఆలస్యమే. తిండి లేకుంట వేసుకుంటే షుగర్ పడిపోతది. చేతులు వణికినా, చెమటలు పట్టినా మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలుపుకుని తాగు. 15 నిమిషాలకు తగ్గకపోతే ఇంకోసారి తాగి నాకూ, పక్కింటి చిన్నమ్మకూ ఫోన్ చెయ్యి. తిన్నంక మెట్‌ఫార్మిన్, బీపీ గోళి.

పేపరు, చెట్లకు నీళ్లు నీ ఇష్టం. ఒంటిగంటకు అన్నం, తర్వాత అరగంట నడుం వాల్చు. సాయంత్రం దాకా పంటే రాత్రి నిద్ర పట్టది. ఎండాకాలం 11 నుంచి 4 దాకా గడప దాటద్దు.

4:30: ఇది మాత్రం తప్పొద్దు నాయినా. అమ్మ లేదని టీవీ ముందర కూసుంటవేమోనని నాకు మందుల కంటె దీని బుగులే ఎక్కువ. రిటైరైన సార్లందరు గడియారం సెంటర్ కాడ కూడుతరు కద, పో. చాయ్ చక్కెర లేకుంట చెప్పు. శనివారం ఆటో మాట్లాడుకుని అందరు కలిసి పానగల్లు పోండ్రి. ఛాయా సోమేశ్వరుని గుడి చూసుకుని, ఉదయసముద్రం కట్ట మీద కాసేపు కూసుని పొద్దు గూకకముందే తిరిగి రాండ్రి. ఎవరింట్లనన్న ఫంక్షన్ ఉంటే కాదనకుంట పో, స్వీటు ఒక ముక్క తిను.

7:30: రెండు జొన్న రొట్టెలు, కూర, పెరుగు. తిన్నంక మెట్‌ఫార్మిన్. 8 గంటలకు అమ్మ వీడియో కాల్ చేస్తది. పండుకునేముందు కొలెస్ట్రాల్ గోళి. 9:30కి పడక.

రాత్రి లేస్తే లైటు వేసి, మంచం అంచున నిమిషం కూసుని లేవు. బీపీ గోళి వేసుకునేటోళ్లు దిగ్గున లేస్తే కండ్లు తిరుగుతయి.

ఆదివారం వారం గోళీలు డబ్బా గదుల్ల సదురుకో. ఒక పూట మర్చిపోతే రెండో పూట రెండు వేసుకోవద్దు. సోమవారం, గురువారం పరగడుపున షుగర్ చూసి, మిషను అంకె ఫోటో తీసి నాకు పంపు.