సీన్ 42 సంక్షిప్తం: పత్తికొండ టమాటా మండీ, తెల్లవారుజాము

కూతురి నర్సింగ్ కాలేజీ ఫీజుకు ఓబులేసు (48)కు ఈ పొద్దే 10,000 కావాలి. 60 గంపల టమాటా మండీకి తెస్తాడు. మండీ యజమాని తిమ్మారెడ్డి (55) మాత్రం విత్తనాలకిచ్చిన పాత బాకీ సరుకులోనే పట్టుకోవాలని, ఓబులేసు ఇంకో మండీ గడప తొక్కకూడదని చూస్తుంటాడు. వేలంలో గంప 250 పలుకుతుంది. కమీషన్, హమాలీ, ఆటో బాడుగ, బాకీ పోను చేతికి 700 వస్తుంది. భార్య లక్ష్మీదేవి చీటీ చదివి, 54 గంపలే రాశారని పట్టుకుంటుంది. ఓబులేసు అందరి ముందూ నిలదీస్తాడు. మిగతా రైతులు తమ చీటీలు తీయబోతుంటే తిమ్మారెడ్డి గొంతు తగ్గించి 10,000 ఇవ్వజూపుతాడు. వచ్చే పంటంతా తనకే వేస్తానని సంతకం పెట్టాలంటాడు. లక్ష్మీదేవి వద్దంటున్నా ఓబులేసు సంతకం పెడతాడు. ఫీజు దొరుకుతుంది, ఆరు గంపల మాట అక్కడే ఆగిపోతుంది.

డైరెక్టర్‌కు: 9 పేజీల్లో టీ కొట్టు హాస్యం, హమాలీల గొడవ వదిలేశాం, వాటివల్ల ఎవరి పంతమూ మారదు. చీటీ చదివే క్షణాన్ని మాత్రం ఎంత కుదించినా తీయొద్దు, అది లేకపోతే తిమ్మారెడ్డి దిగిరావడానికి కారణమే ఉండదు.