విషయం: వరదనీటి మోడలింగ్ బృందంలో జనవరి నుంచి మే దాకా ఇంటర్న్‌షిప్ గురించి

హైడ్రాలజీ విభాగాధిపతి గారికి,

నమస్కారమండీ. నా పేరు సాహితి. ఉస్మానియా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ చివరి సంవత్సరం చదువుతున్నాను. జనవరి మొదటి వారం నుంచి మే ఆఖరు దాకా మీ హైదరాబాద్ ఆఫీసులో, నాలాల సర్వే, వరదనీటి మోడలింగ్ చేసే బృందంలో ఇంటర్న్‌గా పనిచేయాలని ఉంది. అందుకు వీలుంటుందేమో తెలుసుకుందామని రాస్తున్నాను.

సెప్టెంబరులో మీ ఇంజనీరు గారొకరు మా డిపార్ట్‌మెంటుకు వచ్చి మాట్లాడారు. నాలా అడుగు మట్టం కొలవకుండా కట్టిన మోడల్‌ని మీ ఆఫీసులో లెక్కలోకి తీసుకోరని చెప్పారు. నా ప్రాజెక్టు ఇప్పుడు సరిగ్గా ఆ చోటే ఉంది. అందుకే మీకు రాస్తున్నాను.

హుస్సేన్‌సాగర్‌లో కలిసే నాలుగు పెద్ద నాలాల్లో ఒకటైన పికెట్ నాలాకి ఎస్‌డబ్ల్యూఎంఎంలో మోడల్ కడుతున్నాను. పరీక్షించడానికి 2020 అక్టోబరు 13 నాటి వానను తీసుకున్నాను. ఆ రోజు ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు పడింది, ఊరంతా కాలనీలు మునిగాయి. కైనమాటిక్ వేవ్ పద్ధతిలో లెక్క త్వరగా తేలుతుంది కానీ, చెరువు నిండినప్పుడు నీరు వెనక్కి తన్నడం అందులో కనిపించదు. అందుకని డైనమిక్ వేవ్‌నే వాడాను. నాలా చెరువులో కలిసే చోటును ఒకసారి `FREE`గా, ఒకసారి `FIXED`గా పెట్టి నడిపాను. రెండోసారి నీటిమట్టం హుస్సేన్‌సాగర్ ఎఫ్‌టీఎల్ 513.41 మీటర్లు. అలా పెట్టినప్పుడు దిగువ నోడ్ల దగ్గర నీరు నిలిచి ఉండే సమయం బాగా పెరిగింది. వాన తగ్గాక కూడా బస్తీల్లో నీళ్లు ఎందుకు తీయవో అర్థం చేసుకోవాలంటే ముందు చూడాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

అయితే ఎంత నీరు, ఎంత ఎత్తు అన్నది ఈ మోడల్‌తో ఇప్పుడే చెప్పలేను. నేల ఎత్తులు 30 మీటర్ల కార్టోడెమ్ నుంచి తీసుకున్నాను. అందులో ఒక్క గడిలోనే నాలా, రెండు గట్లు, గట్టు మీది ఇళ్లు అన్నీ కలిసిపోతాయి. వంతెనల మీద నుంచి టేపుతో కొలవగలిగిన చోట్ల తప్ప మిగతా క్రాస్ సెక్షన్లు ఊహించి పెట్టినవే. పూడిక ఎంత ఉందో, కల్వర్టు కింద నుంచి ఏ పైపులైను అడ్డంగా పోతోందో మనిషి దిగి చూస్తే తప్ప తెలియదు. మీ దగ్గర నేర్చుకోవాలనుకుంటున్నది ఆ పనే: సర్వే ఎలా చేస్తారు, ఆ కొలతలతో మోడల్‌ని ఎలా సరిచేస్తారు.

క్యూజీఐఎస్‌లో క్యాచ్‌మెంట్లు విడగొట్టడం, పైథాన్‌తో వర్షపాతం డేటా శుభ్రం చేయడం, ఆటో లెవల్ పట్టడం వచ్చు. డీజీపీఎస్ క్లాసులో చూశానే తప్ప ఫీల్డులో వాడలేదు. ఇంకొకటి, దీన్ని నేను చిన్న విషయంగా అనుకోవడం లేదు: తెలుగు, ఉర్దూ రెండూ ధారాళంగా మాట్లాడతాను. నాలా మీద గేజి లేని చోట, నీళ్లు గోడ మీద ఎక్కడిదాకా వచ్చాయో చూపించేది అక్కడ ఉండేవాళ్లే. ఇంటింటికీ వెళ్లి ఆ గుర్తులు అడిగి, మట్టం తీసి, మోడల్‌తో పోల్చే పని నాకు అప్పగిస్తే ఇష్టంగా చేస్తాను.

1908లో మూసీ వరద వచ్చాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అవి నదికి పైనుంచి వచ్చే నీటిని ఆపుతాయి. ఊరి నడుమ కురిసి, కాంక్రీటు మీద జారి, అరగంటలో నాలా నింపే నీటికి వాటితో సంబంధం లేదు. నేను ఉండేది, ఉద్యోగం చేయాలనుకునేది ఈ ఊళ్లోనే కాబట్టి ఈ రెండో సమస్య మీదే పనిచేయాలని నిర్ణయించుకున్నాను.

ఎనిమిదో సెమిస్టర్‌లో నాకు గురువారం మాత్రమే క్లాసులు. మిగతా రోజులు పూర్తిగా రాగలను, ఫీల్డుకి పొద్దున్నే బయల్దేరడానికీ ఇబ్బంది లేదు. కాలేజీ అనుమతి పత్రం మీరు సరేనన్న వారంలో అందజేస్తాను. మీ క్లయింట్ల డేటా ఏదీ మీ రాతపూర్వక అనుమతి లేకుండా నా ప్రాజెక్టు రిపోర్టులో వాడను. ఇంటర్న్‌లకు మీ సంస్థలో స్టైపెండ్ పద్ధతి ఎలా ఉంటుందో కూడా తెలియజేస్తే నా ఏర్పాట్లు చూసుకుంటాను. జనవరిలో ఖాళీ లేకపోతే ఫిబ్రవరిలో చేరడానికైనా సిద్ధమే.

రెజ్యూమె, మోడల్ ఫైలు `picket_nala.inp`, రెండు రన్‌ల ఫలితాలతో నాలుగు పేజీల నోటు జతచేశాను. అన్నీ చూసే తీరిక లేకపోతే నోటులో మూడో పేజీ చూడండి, `FREE`, `FIXED` తేడా అక్కడుంది. మీకు వీలైన రోజు ఆఫీసుకు వచ్చి ఇరవై నిమిషాలు మాట్లాడగలను. డిసెంబరు 10లోగా జవాబు వస్తే కాలేజీలో ఫారం ఇవ్వడానికి సరిపోతుంది.

ధన్యవాదాలతో,
సాహితి
బీఈ సివిల్, చివరి సంవత్సరం
ఉస్మానియా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ, హైదరాబాద్