కొత్తగా చేరినవారికి: మన ప్లాంటులో సెలవుల లెక్క

కోవూరు దగ్గరి మన రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో కంపెనీ రోల్స్ మీద చేరిన అందరికీ ఈ కాగితం. పీలింగ్, గ్రేడింగ్, ప్యాకింగ్, కోల్డ్ స్టోరేజీ, ఆఫీసు, ఎక్కడ పనిచేసినా ఇవే రూల్సు. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్ల సెలవులు కాంట్రాక్టరు చూస్తారు, కాబట్టి వాళ్లకు ఇది వర్తించదు. అసలు పాలసీ 19 పేజీల ఇంగ్లీషు కాగితం. అది టైమ్ ఆఫీసులో ఉంది, ఎవరైనా అడిగి చూడొచ్చు. మొదటి ఏడాది మీకు పనికొచ్చేవి మాత్రం ఇక్కడ రాశాం.

మా దగ్గరికి వచ్చే తగాదాల్లో సగానికి పైగా సెలవు లేక వచ్చినవి కావు, సెలవుండీ చెప్పకుండా మానేసినందుకు వచ్చినవే. అందుకని ముందు చెప్పే పద్ధతి చూడండి. తెలిసిన పనికైతే లీవు ఫారం నింపి, సూపర్‌వైజరు సంతకంతో టైమ్ ఆఫీసులో ఇవ్వాలి. ఉన్నట్టుండి వచ్చిన పనికైతే షిఫ్టు మొదలయ్యే గంట ముందు సూపర్‌వైజరుకో టైమ్ ఆఫీసుకో ఫోన్ చేయాలి. ఇంట్లోవాళ్లు చేసినా సరే. 'బస్సులో కలిసిన అమ్మాయితో చెప్పి పంపాను' అంటే మాత్రం చెప్పినట్టు కాదు. ఆ అమ్మాయి మరిచిపోతే గైర్హాజరు పడేది మీకే.

క్యాజువల్ లీవు (సీఎల్)

ఏడాదికి 8. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదట్లో రెండేసి చొప్పున మీ ఖాతాలో పడతాయి. చేరిన క్వార్టరులో ఉండవు, తర్వాతి దాని నుంచి మొదలు. ఒకేసారి రెండు రోజులకు మించి ఇవ్వరు. పూట సెలవు కూడా పెట్టుకోవచ్చు. డిసెంబరు 31 దాటితే మిగిలినవి పోతాయి, డబ్బు రాదు.

జబ్బు చేస్తే

దీన్ని కాస్త జాగ్రత్తగా చదవండి, ఎక్కువమంది గందరగోళపడేది ఇక్కడే.

నెల జీతం 21,000 రూపాయలు మించనివాళ్లంతా ఈఎస్‌ఐలో ఉంటారు. మీకు, మీ మీద ఆధారపడిన కుటుంబానికి వైద్యం చేరిన రోజు నుంచే ఉంటుంది. జబ్బుతో పనికి రాలేని రోజులకు ఈఎస్‌ఐ ఇచ్చే డబ్బు మాత్రం వెంటనే మొదలు కాదు. మొదటిసారి ఈఎస్‌ఐలో చేరినవాళ్లకు తొమ్మిది నెలలు నిండాలి. జూన్ 10న చేరినవాళ్లకు మార్చి 10 నుంచి అన్నమాట. ఆ తర్వాత సగటు రోజు కూలిలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు. మామూలుగా దానికి సంబంధించిన ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా కట్టి ఉండాలి. ఈఎస్‌ఐ డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. ఇంతకుముందు ఇంకో కంపెనీలో ఈఎస్‌ఐ నంబరు ఉంటే చేరేటప్పుడే మాకు ఇవ్వండి. కొత్త నంబరు తీస్తే పాత సర్వీసు లెక్కలోకి రాక మీరే నష్టపోతారు.

కొత్త జబ్బయితే మొదటి రెండు రోజులకు ఈఎస్‌ఐ డబ్బు ఇవ్వదు. ఆ లోటుకే కంపెనీ విడిగా ఏడాదికి 6 సిక్ లీవులు ఇస్తోంది, పూర్తి జీతంతో, చేరిన రోజు నుంచే. జీతం 21,000 దాటి ఈఎస్‌ఐలో లేనివాళ్లకు 12. వరుసగా రెండు రోజులు మించితే డాక్టరు చీటీ అడుగుతాం.

ఇంకో మాట. విరేచనాలు, వాంతులు, చేతికి చీము పట్టిన గాయం, చర్మం మీద పొక్కులు, ఇలాంటివి ఉంటే ప్రాసెసింగ్ హాలులోకి రావొద్దు. సెలవు పోతుందని దాచిపెట్టి గ్లౌజు కింద కట్టు కట్టుకుని వచ్చేవాళ్లున్నారు. అలా చేయొద్దు, గేటు దగ్గరే చెప్పండి. గాయమైతే హాలు బయట పని ఇస్తారు. కడుపు బాగోకపోతే ఇంటికి పంపుతారు, ఆ రోజుకు చీటీ లేకుండానే సిక్ లీవు రాస్తారు.

ఆర్జిత సెలవు (ఈఎల్)

పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు. ఏడాదిలో కనీసం 180 రోజులు పనిచేసి ఉండాలి. పాతవాళ్లు 240 అంటారు, అది వెనకటి ఫ్యాక్టరీల చట్టం లెక్క. మధ్యలో చేరినవాళ్లు ఆ ఏడాది మిగిలిన రోజుల్లో నాలుగో వంతు పనిచేస్తే చాలు. జూన్ 10న చేరిన మనిషికి డిసెంబరు ఆఖరుకు 205 రోజులుంటాయి. అందులో 160 రోజులు పనిచేస్తే 8 ఈఎల్ వస్తాయి. వాటిని జనవరి నుంచి వాడుకోవాలి.

15 రోజుల ముందు ఫారం ఇవ్వాలి. ఏడాదికి మూడుసార్లు తీసుకోవచ్చు. మిగిలినవి 30 వరకు మరుసటి ఏడాదికి వస్తాయి. మీరు అడిగితే మేమే పని ఒత్తిడి వల్ల కుదరదన్నామనుకోండి, ఆ రోజులు 30కి పైన ఉన్నా పోవు. అయితే కాదన్నట్టు ఫారం మీద రాయించుకోండి. ఉద్యోగం మానేసి వెళ్లేటప్పుడు మిగిలిన ఈఎల్‌కు డబ్బు ఇస్తారు.

ఏప్రిల్ నుంచి జూలై దాకా చెరువుల పట్టుబడులు ఎక్కువ, సరుకు రాత్రింబవళ్లు దిగుతుంది. ఆ నాలుగు నెలల్లో ఒక్కో సెక్షనులో పదిమందికి ఒకరికే ఈఎల్. పెళ్లిళ్లూ అప్పుడే వస్తాయని తెలుసు, అందుకే లగ్గం పెట్టుకున్న రోజే ఫారం ఇవ్వండి. ముందు ఇచ్చినవాళ్లకే ముందు.

పండగలు

జీతంతో 9 రోజులు. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, సంక్రాంతి, ఉగాది, వినాయక చవితి, దసరా. తొమ్మిదోది మీ ఇష్టం: రంజాన్, క్రిస్మస్, కనుమ, రొట్టెల పండగల్లో ఒకటి ఎంచుకుని జనవరిలోనే, మధ్యలో చేరితే చేరిన నెలలోనే చెప్పాలి. పండగ రోజు పనికి పిలిస్తే రెట్టింపు కూలి, లేదా మామూలు కూలితోపాటు 30 రోజుల్లోపు ఇంకో సెలవు. ఓటింగు రోజు ఓటున్నవాళ్లకు జీతంతో సెలవు.

కాన్పు, చావు, తుపాను

కాన్పుకు 26 వారాలు. అందులో కాన్పుకు ముందు 8 వారాలకు మించి వాడుకోకూడదు. ఇప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలు. గర్భస్రావమైతే డాక్టరు కాగితంతో 6 వారాలు. ఈఎస్‌ఐలో ఉన్నవాళ్లకు డబ్బు ఈఎస్‌ఐ నుంచే, పూర్తి కూలి చొప్పున వస్తుంది. గడిచిన రెండు చందా కాలాల్లో 70 రోజుల చందా ఉండాలి. మిగతావాళ్లకు కంపెనీ ఇస్తుంది, ముందటి 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. కాన్పు సెలవులో ఉన్నారని ఎవరినీ తీసేయరు. తండ్రికి 3 రోజులు.

తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు, అత్తమామలు పోతే 3 రోజులు జీతంతో. పెద్దకర్మకు కావాలంటే సీఎల్, ఈఎల్‌లో వాడుకోవాలి. ఇది చాలదని చాలామంది అన్నారు. ప్రస్తుతానికి రూలు ఇంతే.

తుపాను హెచ్చరికతో బస్సులు ఆగితే ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చేవాళ్లు నీళ్లలో పడి రానక్కర్లేదు. ఫోన్ చేస్తే ఏడాదికి 2 రోజుల వరకు ప్రత్యేక సెలవు.

చెప్పకుండా మానేస్తే

ఆ రోజు కూలి పోతుంది. వారపు సెలవుకు ముందు రోజూ తర్వాత రోజూ చెప్పకుండా మానేస్తే మధ్యలోని వారపు సెలవు కూలి కూడా పోతుంది. ఈఎల్ లెక్కలో, ఈఎస్‌ఐ చందా రోజుల్లో కూడా ఆ మేరకు తగ్గుతాయి. వరుసగా 10 రోజులు కబురు లేకపోతే మీరిచ్చిన అడ్రసుకు ఉత్తరం వస్తుంది. అది ఉద్యోగం తీసేసిన ఉత్తరం కాదు, కారణం చెప్పమని అడిగేది. భయపడి ఇంట్లో కూర్చోకుండా వచ్చి మాట్లాడండి. ఇల్లు మారితే అడ్రసు మార్పించుకోండి.

ప్రతి నెలా పే స్లిప్ అడుగున సీఎల్, సిక్, ఈఎల్ ఎన్ని మిగిలాయో ఉంటుంది. తేడా కనిపిస్తే ఆ నెల 15లోపు స్లిప్ తీసుకుని ఉదయం 10 నుంచి సాయంత్రం 5 మధ్య టైమ్ ఆఫీసుకు రండి. షిఫ్టులో ఉంటే సూపర్‌వైజరుకు చెప్పి రావచ్చు, ఆ సమయానికి కూలి కోయరు.