చివరి ఆయకట్టుకు వంతుల వారీగా నీరు వదలాలని వినతి

డీఈఈ గారికి, నమస్కారం.

నాగార్జునసాగర్ కుడి కాలువ కింద మా మేజరులో 9 నుంచి 14వ తూము వరకు 280 ఎకరాల వరి చిరుపొట్ట దశలో ఉంది. మడిలో నెర్రెల్లో వేలు దూరుతోంది. పై తూములు రాత్రింబవళ్లు తెరిచే ఉంటున్నాయి. కాలువలో తూటికాడ అల్లుకుని నీరు ఎగదన్నుతోంది.

పది రోజులకోసారి పై తూములు మూయించి, 9వ తూము వద్ద 6 క్యూసెక్కులు అందేలా నాలుగు రోజులు వదలండి. ఒక క్యూసెక్కు రోజంతా పారితే దాదాపు రెండెకరాల్లో అడుగు నీరు. ఆ లెక్కన మాకు దక్కేది 2 అంగుళాలే. కాలువ నిండే మొదటి రోజును వంతులో కలపవద్దు, అదే మమ్మల్ని ముంచుతోంది. రెండు పూటలా కొలబద్దను లస్కరుతో పాటు మా మనిషీ చూసి రాస్తారు.

తూటికాడ మేమే తీస్తాం.

ఇట్లు,
చివరి ఆయకట్టు రైతులు