భాషా నైపుణ్యాల సంగ్రహం: పేషెంట్ రిలేషన్స్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగానికి దరఖాస్తుతో జతపరచినది

తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు. ఈ ఆరు భాషల్లో రోగులతో, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళతో మాట్లాడతాను. ఆసుపత్రి పనిలో 9 ఏళ్ళుగా ఉన్నాను. మొదట రెండేళ్ళు తిరుపతిలో ఒక లాడ్జి రిసెప్షన్‌లో పనిచేశాను. ఆ తర్వాత నుంచి వేలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌లో ఉన్నాను, చివరి నాలుగేళ్ళు డెస్క్ ఇన్‌చార్జిగా. రిజిస్ట్రేషన్, డాక్టరు గదిలో మాట సాయం, ఆపరేషన్ ముందు సూచనలు, బిల్లు వివరించడం, డిశ్చార్జి నాడు మందుల చీటీ చదివి చెప్పడం నా పనులు. మా ఆయనకి హైదరాబాద్ బదిలీ అయింది కాబట్టి మీ ఆసుపత్రికి దరఖాస్తు పెట్టుకుంటున్నాను. సంగ్రహం తెలుగులో, సొంత మాటల్లో రాయమని మీ ప్రకటనలో ఉంది. అందుకే మామూలు బయోడేటాలో పట్టని సంగతులు కూడా ఇక్కడ రాస్తున్నాను.

మాది కుప్పం. ఒక పక్క తమిళనాడు, ఇంకో పక్క కర్ణాటక. ఇంట్లో తెలుగు, ఎదురింట్లో తమిళం, సంతలో మూడూ కలిసిపోయి ఉంటాయి. కాబట్టి తమిళం, కన్నడం నేను కూర్చుని నేర్చుకున్నవి కావు. తమిళం చదవడం మాత్రం బస్సుల మీద ఊళ్ళ పేర్లు చూసి నేర్చుకున్నాను, ఇప్పుడు తప్పుల్లేకుండా రాస్తాను. కన్నడం ధారాళంగా మాట్లాడతాను, చదువుతాను, రాయడంలో నెమ్మది. హిందీ తిరుపతి లాడ్జి నేర్పింది. రాత్రి రెండింటికి రైలు దిగి, చంటిపిల్లతో నిలబడి, గది ఎందుకు లేదని అరిచే నాన్నకి సమాధానం చెప్పాలంటే వ్యాకరణం వెతుక్కునే టైమ్ ఉండదు. ఇంగ్లీషులో ఇన్సూరెన్స్ కంపెనీలకు ఉత్తరాలు, మెయిళ్ళు రోజూ రాస్తాను.

బెంగాలీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, కష్టపడి నేర్చుకున్నది అదే. వేలూరు సీఎంసీ ఉన్న ఊరు. పశ్చిమ బెంగాల్ నుంచి, బంగ్లాదేశ్ నుంచి వైద్యానికి వచ్చేవాళ్ళు కాట్పాడి స్టేషన్‌లో దిగి ఊరంతా కనిపిస్తారు. లాడ్జీల ముందు, మెస్సుల ముందు బెంగాలీ బోర్డులుంటాయి. మా చిన్న ఆసుపత్రికి కూడా అందులో కొంతమంది వస్తారు. చేరిన మొదటి ఏడాది వాళ్ళతో హిందీలో నెట్టుకొచ్చాను. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళకి హిందీ రాదు, పక్కనున్న మగవాళ్ళే అన్నిటికీ జవాబిచ్చేవారు, నొప్పి ఎక్కడుందన్న ప్రశ్నకి కూడా. అది నచ్చక, మా వీధిలో మెస్ నడిపే బెంగాలీ ఆమె దగ్గర సాయంత్రాలు కూర్చుని ఏడాదిన్నర నేర్చుకున్నాను. ఇప్పుడు డాక్టరుకీ రోగికీ మధ్య నేరుగా మాట దాటించగలను. ముద్రించిన అక్షరాలు చదువుతాను. చేతిరాత చదవడం ఇంకా తడబాటే.

ఆ చేతిరాత వల్లే ఒక సంగతి పట్టుకున్నాను. బెంగాలీ 4 అంకె మన కంటికి అచ్చం 8లా, 7 అంకె 9లా ఉంటుంది. రోగులు తమ లిపిలో రాసిచ్చిన ఫోన్ నంబర్లు మా వాళ్ళు అలాగే కంప్యూటర్‌లో ఎక్కించేవారు. రిపోర్టు వచ్చిందని ఫోన్ చేస్తే ఎవరో తీసేవారు. ఇప్పుడు డెస్క్‌లో ఎవరు నంబరు తీసుకున్నా అక్కడే ఒక మిస్డ్ కాల్ ఇచ్చి, రోగి ఫోన్ మోగితేనే తరువాతి పని. అర నిమిషం పడుతుంది.

నా పొరపాటు కూడా ఒకటి చెప్తాను. ఇంటర్వ్యూలో ఎలాగూ అడుగుతారు.

బెంగాలీలో నీళ్ళు కూడా 'తింటారు'. జొల్ ఖాబో అంటే నీళ్ళు తాగుతానని. ఆపరేషన్ ముందు రాత్రి 'కిచ్ఛు ఖాబెన్ నా' అంటే చాలు, అన్నం, నీళ్ళు, టీ అన్నీ అందులో వచ్చేస్తాయి. వారం రోజులు వరసగా బెంగాలీ కుటుంబాలకి అదే మాట చెప్పి చెప్పి, ఒక రోజు పలమనేరు వైపు నుంచి వచ్చిన రైతుకి తెలుగులో 'రాత్రి పది తర్వాత ఏమీ తినొద్దు పెద్దాయనా' అన్నాను. ఆయన బుద్ధిగా తినలేదు. పొద్దున ఆరింటికి పెద్ద గ్లాసు కాఫీ తాగాడు. మత్తు డాక్టరు అడిగితే 'తినొద్దన్నారు, తినలేదు సార్, తాగినా అంతే' అన్నాడు. ఆయన మాటలో తప్పేముంది? ఆపరేషన్ మర్నాటికి పోయింది, ఆయన కొడుకు ఇంకో రోజు కూలి పోగొట్టుకున్నాడు. ఆ తండ్రీకొడుకుల దగ్గరికెళ్ళి తప్పు నాదేనని చెప్పాను. ఆ వారమే డాక్టరుతో, నర్సులతో కూర్చుని ఒక్కో భాషలో ఆ సూచన ఎలా చెప్పాలో విడివిడిగా రాసుకున్నాం. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చి రాయలేదు, ఏ భాషకి ఆ భాషలో వినేవాడికి ఏం తడుతుందో చూసి రాశాం. తెలుగు చీటీలో 'అన్నం, టిఫిన్, కాఫీ, టీ, పాలు వద్దు. ఒక్క గుటక నీళ్ళు కూడా వద్దు' అని ఉంటుంది. రక్త పరీక్షకైతే 'పరగడుపున రండి' అంటే మన పెద్దవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది.

ఇలాంటివి ఒకే మాట రెండు భాషల్లో ఉన్నప్పుడు ఇంకా ప్రమాదం. తమిళంలో 'అవసరం' అంటే తొందర, కన్నడంలోనూ అంతే. మనకి కావలసి రావడం. ఒక నర్సు తెలుగు పెద్దావిడతో, తనకొచ్చిన కలగాపులగం భాషలో, 'స్కాన్ ఇప్ప అవసరం ఇల్లైమ్మా' అంది. తొందరేం లేదు, వచ్చే వారం తీద్దామని ఆమె ఉద్దేశం. పెద్దావిడ స్కాన్ అక్కర్లేదనుకుని, కట్టిన డబ్బు వెనక్కిమ్మని బిల్లింగ్ దగ్గర నిలబడింది. నేను అటు వెళ్తూ విన్నాను కాబట్టి సరిపోయింది. కొత్తగా చేరే సిబ్బందికి నేనిచ్చే రెండు గంటల శిక్షణ ఈ మాటతోనే మొదలవుతుంది. రెండో మాట 'మందు'. 'మందు తీసుకుంటారా?' అని అడిగితే బీపీ మాత్రల సంగతి చెప్పకుండా 'అలవాట్లేమీ లేవు సార్' అనే పెద్దమనుషులు వారానికి ఒకరైనా ఉంటారు. భార్య పక్కనుంటే మరీ గట్టిగా అంటారు.

పిలుపుల విషయంలో నేను కాస్త చాదస్తురాలిని. మన వాళ్ళని అమ్మా, పెద్దాయనా, అన్నా అంటే చాలు. బెంగాలీ హిందూ పెద్దావిడని మాషీమా అంటాను, ముస్లిం పెద్దావిడని ఖాలా. బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ముస్లిం కుటుంబానికి 'పానీ', కోల్‌కతా హిందూ కుటుంబానికి 'జొల్'. ఏది వాడినా నీళ్ళు వస్తాయి. కానీ వాళ్ళింట్లో మాట మన నోట విన్నప్పుడు మొహం ఎలా మారుతుందో కౌంటర్ ఇవతల ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. తెలియనప్పుడు ఊహించను. వాళ్ళు మొదట ఏ మాట అంటారో విని అదే అందుకుంటాను.

పేర్ల దగ్గర మాత్రం ఆప్యాయత పనికిరాదు. తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందు, తమిళులకి తండ్రి పేరు పొడి అక్షరంగా, బెంగాలీలకి ఇంట్లో పిలిచే పేరొకటి, కాగితం మీద పేరొకటి. వార్డులో చుట్టాలు పిలిచేది మొదటిది. అందుకే విదేశీ రోగుల పేరు పాస్‌పోర్టు చూసి, అందులో ఉన్న వరసలోనే రాస్తాను. రిపోర్టు మీద పేరు, పాస్‌పోర్టు మీద పేరు ఒకటి కాకపోతే తర్వాత తిప్పలు పడేది వాళ్ళే.

డాక్టరు గదిలో నా పద్ధతి ఇది. రోగి అన్నది అన్నట్టు చెప్తాను, డాక్టరు అన్నది అన్నట్టు చెప్తాను. మెత్తబరచను, కలపను. 'అమ్మకి క్యాన్సర్ అని చెప్పొద్దు' అని పిల్లలు నా చెయ్యి పట్టుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఆ నిర్ణయం నాది కాదు, వాళ్ళు ఇలా అడిగారని గదిలోకి వెళ్ళకముందే డాక్టరుకి చెప్తాను. చివర్లో 'అర్థమైందా?' అని అడగను. అడిగితే అందరూ తల ఊపుతారు. 'ఇంటికెళ్ళాక ఈ మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో మీ కోడలికి ఏమని చెప్తారు?' అని అడుగుతాను. వాళ్ళ నోట విన్నాకే చీటీ చేతికిస్తాను. తేదీలు కూడా అంతే. హిందీలో 'కల్' అంటే నిన్న కావచ్చు, రేపు కావచ్చు. నేను వారం, తేదీ రెండూ రాసిస్తాను.

రానివి కూడా చెప్పేస్తాను. ఉర్దూ మాట్లాడితే అర్థమవుతుంది, జవాబు హిందీలో ఇస్తాను, లిపి రాదు. హైదరాబాద్ పాతబస్తీ మాట ఇంకా చెవికి అలవాటు కావాలి. అరబీలో పలకరింపులు, అంకెలు తప్ప ఏమీ రావు, ఆ రోగులకి మీ దగ్గరున్న దుబాసీని పిలుస్తాను. కన్నడంలో మాట్లాడగలను కానీ ఆపరేషన్ అనుమతి పత్రాన్ని కన్నడంలో వివరించే పని ఒప్పుకోను, ఆ పనికి నా కన్నడం చాలదు.

తెలంగాణ తెలుగు నాకు కొంత కొత్త. మా వైపు తల నొప్పి, ఇక్కడ నెత్తి నొస్తది. మాకు ఆయాసం, ఇక్కడ దమ్ము. 'గుండెల బుగులైతాంది' అని ఒకామె అంటే అది భయమా, గుండె దడా అని నేను తేల్చను. ఆమె మాటనే డాక్టరుకి చెప్పి, 'ఎట్లుంటదమ్మా, కొంచెం చెప్పు' అని ఆమెనే అడుగుతాను. మేడ్చల్‌లో ఉండే మా ఆడబిడ్డ ఇంటికి వచ్చినప్పుడల్లా గత మూడు నెలలుగా ఇలాంటి మాటలు రాసుకుంటున్నాను. నోట్‌బుక్‌లో ఇప్పటికి నలభై పేజీలు నిండాయి.

డిగ్రీ, అనుభవ ధ్రువపత్రాలు దరఖాస్తుతో ఉన్నాయి. మా డెస్క్‌లో వాడే ఆపరేషన్ ముందు సూచనల చీటీ, రోగుల పేర్లేవీ లేని నమూనా, ఐదు భాషల్లో జతచేశాను. నోటీసు కాలం 30 రోజులు. ఆదివారాలు, రాత్రి షిఫ్టులు చేయగలను. బెంగాలీ, తమిళం, కన్నడం పరీక్ష పెట్టాలనుకుంటే ఆ భాష ఇంట్లో మాట్లాడే మీ సిబ్బందిలో ఎవరితోనైనా ఫోన్‌లో మాట్లాడించండి. ముందుగా చెప్పనక్కర్లేదు, డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి అయిపోతుంది, ఆ తర్వాత ఎప్పుడు చేసినా సరే.